తొలి ముక్క చెప్పే మాట

పేకాట అంటే తెలుగు ఇళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది రమ్మీ. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం మీద నడిచే ఆటగా తేల్చింది. రమ్మీలో అదృష్టానికి ఉన్న పాత్ర బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే పాత్ర లాంటిదేనని కూడా ఆ తీర్పులో చెప్పింది. పంపకం వరకు ఆ పోలిక నిజమే. పంచాక మాత్రం రెండు ఆటలూ వేరే దారులు పడతాయి. రమ్మీలో ఎవరి ముక్కలు వారివి, ఎవరి గుట్టు వారిది. బ్రిడ్జిలో నలుగురూ రెండు జట్లు. మీ పార్ట్‌నర్ మీకు ఎదురుగా కూర్చుంటాడు, గెలుపోటములు ఇద్దరివీ ఒకటే, కానీ అతనితో నోరు విప్పి ఒక్క మాట మాట్లాడకూడదు. అతని చేతిలో ఏముందో మీకు తెలియాలంటే అతను వేసే ముక్కలే చెప్పాలి. ముఖ్యంగా తురుపు లేని ఆటలో, అంటే నో ట్రంప్‌లో, ఎదుటి జట్టును అడ్డుకోవాల్సిన ఇద్దరికీ ఆ ముక్కల భాష తప్ప వేరే ఆధారం ఉండదు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఒక్కో రౌండులో నలుగురూ తలో ముక్క వేస్తారు, ఆ నాలుగు ముక్కలు కలిస్తే ఒక ట్రిక్కు. మొదటి ముక్క ఏ సూట్‌లో పడితే ఆ సూట్ ఉన్నవాళ్లు అదే వేయాలి, పెద్ద ముక్కది గెలుపు. ముందు వేలంపాట జరుగుతుంది. అందులో ఒక జట్టు ‘3 నో ట్రంప్’ అని పాడుకుందంటే 13 ట్రిక్కుల్లో కనీసం 9 గెలుస్తామని ఒప్పుకున్నట్టు. ఆ జట్టు తరఫున ఆడేవాడు డిక్లేరర్. అతని ఎడమ పక్కనున్నవాడు మొదటి ముక్క దించుతాడు, దాన్నే ఓపెనింగ్ లీడ్ అంటారు. లీడ్ పడ్డాక డిక్లేరర్ పార్ట్‌నర్ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేస్తాడు. అతను డమ్మీ, అతని ముక్కలూ డిక్లేరరే ఆడతాడు. కాబట్టి డిక్లేరర్‌కు తన జట్టు 26 ముక్కలూ కనిపిస్తాయి. అడ్డుకునే ఇద్దరికీ తమ ముక్కలు, డమ్మీ ముక్కలు మాత్రమే కనిపిస్తాయి. ఆ తేడాను పూడ్చుకోవడానికే సంకేతాలు.

నో ట్రంప్‌లో లీడ్ చేసేవాడు సాధారణంగా తన దగ్గర ఎక్కువ ముక్కలున్న సూట్‌నే ఎంచుకుంటాడు. తురుపు లేదు కాబట్టి ఒక సూట్‌లోని పెద్ద ముక్కలు అయిపోయాక అందులో మిగిలిన 8, 3 లాంటి చిన్న ముక్కలకు ఎదురుండదు. ఆసు, రాజు పడిపోయాక ఇంకెవరి దగ్గరా ఆ సూట్ లేకపోతే మూడు కూడా ట్రిక్కు గెలుస్తుంది. అయితే దీనికి రెండు షరతులున్నాయి. ఆ సూట్‌లో ఎదుటివాళ్ల పెద్ద ముక్కలు బయటికి రావాలి, ఆ తర్వాత మీకు మళ్లీ ఆడే వంతు దక్కాలి. ఆ వంతు తెచ్చిపెట్టే ఆసు లాంటి ముక్క వేరే సూట్‌లో మీకుండాలి. ఆట ఇక్కడ ఒక పరుగుపందెంలా సాగుతుంది. డిక్లేరర్ తన సూట్ నిలబెట్టుకునేలోగా మీరు మీ సూట్ నిలబెట్టుకోవాలి. లీడ్ మీది కాబట్టి ఒక అడుగు ముందున్నారు. దాన్ని వదులుకోకూడదు. మీ చేతిలో మళ్లీ వంతు తెచ్చే ముక్క ఒక్కటీ లేకపోతే అయిదు ముక్కల సూట్ ఉన్నా అక్కరకు రాదు. అప్పుడు పార్ట్‌నర్‌కు బలం ఉండే సూట్ ఏదో ఊహించి, అందులో లీడ్ చేయడమే తెలివి. వేలంలో పార్ట్‌నర్ ఏదైనా సూట్ పేరు చెప్పి ఉంటే ఊహించే పని కూడా ఉండదు.

సూట్ ఎంచుకున్నాక అందులో ఏ ముక్క వేయాలి? రాజు, రాణి, జాకీ వరుసగా ఉంటే పైదే వేస్తారు. రాణి, జాకీ, పది ఉంటే రాణి. వరుస లేనప్పుడు పైనుంచి లెక్కపెట్టి నాలుగో ముక్క వేయడం విస్ట్ ఆడే రోజుల నుంచి వస్తున్న పద్ధతి. చిన్న ముక్క ఏదో ఒకటి పడేస్తే సరిపోదా అనిపిస్తుంది. నాలుగోదే వేయడంలో ఒక లెక్క దాగుంది, దాన్ని 19వ శతాబ్దం చివర్లో ఆర్.ఎఫ్. ఫాస్టర్ సూత్రంగా చెప్పాడు. జాకీని 11గా, రాణిని 12గా, రాజును 13గా, ఆసును 14గా లెక్కేయండి. పార్ట్‌నర్ 6 వేస్తే దానికంటే పెద్దవి 14 లోంచి 6 తీసేస్తే 8 ముక్కలు. వేసింది నాలుగో ముక్క కాబట్టి అంతకంటే పెద్దవి మూడు అతని దగ్గరే ఉన్నాయి. మిగతా ముగ్గురి దగ్గరా కలిపి 5. మూడు తీసేసే పని ఎప్పుడూ ఉండేదే కాబట్టి నేరుగా 11 లోంచి లీడ్ ముక్కను తీసేస్తే చాలు. దీనికే పదకొండు సూత్రమని పేరు.

ఇక ఒక పంపకం చూద్దాం. మీరు తూర్పు కుర్చీలో ఉన్నారు. దక్షిణం ‘1 నో ట్రంప్’ అని పాడాడు, అంటే 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1). ఉత్తరం ‘3 నో ట్రంప్’ అన్నాడు, తర్వాత అందరూ పాస్. మీ పార్ట్‌నర్ పడమర ఇస్పేటు 6 దించాడు. డమ్మీ పరిచింది, మీ చేతిలో ఉన్నది ఇవి:

డమ్మీ (ఉత్తరం)
ఇస్పేటు: రాణి, 5
ఆఠీన్: 8, 7, 3
డైమన్: రాజు, రాణి, జాకీ, 10, 6
కళావరు: 8, 5, 3

మీరు (తూర్పు)
ఇస్పేటు: జాకీ, 9, 2
ఆఠీన్: జాకీ, 10, 5
డైమన్: ఆసు, 9, 5
కళావరు: రాజు, 10, 7, 2

ముందు పాయింట్లు లెక్కపెట్టండి. మీకు 9, డమ్మీకి 8. మొత్తం 40లో డిక్లేరర్‌కు 15 నుంచి 17 పోతే మీ పార్ట్‌నర్‌కు 6 నుంచి 8 మిగులుతాయి. అంటే అతనికి ఇస్పేటుతో పాటు ఇంకెక్కడో ఒక ఆసో రాజో ఉండే అవకాశం బాగానే ఉంది. ఇప్పుడు పదకొండు సూత్రం. 11 లోంచి 6 పోతే 5. అందులో డమ్మీ రాణి ఒకటి, మీ జాకీ, తొమ్మిది రెండు. కాబట్టి డిక్లేరర్ దగ్గర 6 కంటే పెద్ద ఇస్పేట్లు సరిగ్గా రెండే. ఒక్క ముక్క పడగానే ఇంత తెలిసింది.

డిక్లేరర్ డమ్మీలోంచి రాణి వేశాడు. అది సరైన ఆటే. రాజు పడమర దగ్గరుంటే రాణి గెలవాల్సింది ఇప్పుడే. ఆగితే డమ్మీలో ఒంటరిగా మిగిలి తర్వాత రాజు కింద పడిపోతుంది. ఆ రాణిని మీ జాకీ కొట్టలేదు. కాబట్టి ఈ ట్రిక్కు గెలవడం మీ పని కాదు. పార్ట్‌నర్‌కు ఒక విషయం చెప్పడమే మీ పని. తర్వాత తనకు వంతు వస్తే ఈ సూట్ మళ్లీ ఆడాలా, మానాలా అన్నది అతను తేల్చుకోవాలి. దానికి మీ ముక్కతో జవాబివ్వాలి. దీన్నే యాటిట్యూడ్ సిగ్నల్ అంటారు. ఉన్నవాటిలో వదులుకోగలిగిన పెద్ద ముక్క వేస్తే ‘ఈ సూట్‌లో నీకు తోడున్నాను, ఆడు’ అని. బాగా చిన్నది వేస్తే ‘నా దగ్గరేం లేదు, నువ్వు కదపకు’ అని. మీ దగ్గర జాకీ ఉంది. తొమ్మిది వేయండి.

ఆ తొమ్మిది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే జాకీ డిక్లేరర్ దగ్గరుందని ఒక్కసారి అనుకోండి. అతనికి ఆసు, జాకీ, 4, మీకు 9, 7, 2. పడమర దగ్గర రాజు, 10, 8, 6, 3. రాణి గెలిచాక పడమరకు వంతొచ్చి మళ్లీ ఇస్పేటే ఆడితే డిక్లేరర్ జాకీతో ఒకటి, ఆసుతో ఒకటి గెలుచుకుంటాడు. అదే సూట్ మీ వైపు నుంచి వస్తే అతని జాకీ పడమర రాజు కింద నలిగిపోతుంది, ఆసు ఒక్కటే దక్కుతుంది. అందుకే అలాంటప్పుడు మీరు 2 వేస్తారు. పడమర ఇస్పేటు ఆపి, వంతు మీకు అందేలా వేరే సూట్ ఆడి ఎదురుచూస్తాడు. మీరు వేసింది 9 కాబట్టి ఇక్కడ అతనికి ఆ భయం అక్కర్లేదు.

తొమ్మిదే ఎందుకు, జాకీ పారేసినా సంకేతమే కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. జాకీ ముందు ముందు ట్రిక్కు గెలవాల్సిన ముక్క. మాట చెప్పడానికి పని చేసే ముక్కను ఖర్చుపెట్టకూడదు. నా ఉద్దేశంలో సంకేతాలు నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే.

రాణి మీద డిక్లేరర్ ఇస్పేటు 4 వేశాడు. వంతు డమ్మీలో ఉంది. అక్కడి నుంచి డైమన్ రాజు ఆడాడు. ఆట అసలు మలుపు ఇదే. డమ్మీలో అయిదు డైమన్లు మెరుస్తున్నాయి. మీ ఆసు పోయిందంటే మిగతావన్నీ గెలుపు ముక్కలే. అయితే డమ్మీలో వేరే ఏ సూట్‌లోనూ గెలిచే ముక్క లేదు, ఉన్న ఒక్క రాణి ఇప్పుడే ఖర్చయింది. డిక్లేరర్ మళ్లీ డమ్మీలోకి వెళ్లాలంటే తన చేతిలో ఇంకో డైమన్ ఉండాలి. అంటే అతని చివరి డైమన్ పడేదాకా మీరు ఆసు దాచి, సరిగ్గా ఆ రౌండులో తీస్తే డమ్మీలోని మిగతా డైమన్లు అక్కడే ఎండిపోతాయి. ముందే తీస్తే అతనికి దారి మిగిలిపోతుంది. ఆలస్యంగా తీస్తే ఊరికే ఒక ట్రిక్కు ఇచ్చినట్టవుతుంది. కానీ అతని దగ్గర ఎన్ని డైమన్లున్నాయో మీకు కనిపించదు. డమ్మీలో 5, మీ దగ్గర 3, మిగిలినవి 5. ఆ అయిదూ పడమరకూ దక్షిణానికీ మధ్య ఎలా పంచుకున్నాయో పడమరే చెప్పాలి.

అతను చెబుతాడు. డిక్లేరర్ ఆడే సూట్‌లో అడ్డుకునేవాళ్లు తమ దగ్గర ముక్కలు సరిసంఖ్యలో ఉన్నాయా, బేసిసంఖ్యలో ఉన్నాయా తెలియజేస్తారు. ఇది కౌంట్ సిగ్నల్. ముందు పెద్దది, తర్వాత చిన్నది వేస్తే సరి. ముందు చిన్నది, తర్వాత పెద్దది వేస్తే బేసి. ముందు పెద్దది వేసి తర్వాత చిన్నది వేసే అలవాటు బ్రిడ్జి కంటే పాతది. తురుపు ఆడమని పార్ట్‌నర్‌ను అడగడానికి విస్ట్‌లో దీన్ని 1834లో లార్డ్ హెన్రీ బెంటింక్ మొదలుపెట్టాడని చెబుతారు. అదే వరస ముక్కల సంఖ్య చెప్పడానికీ పనికొచ్చింది.

మొదటి డైమన్ మీద మీరు 5 వేశారు, దక్షిణం 4, పడమర 2. రెండు కంటే చిన్న ముక్క లేదు కాబట్టి అది పెద్ద ముక్క అయ్యే ప్రశ్నే లేదు. పడమరకు బేసి సంఖ్యలో డైమన్లున్నాయి, అంటే ఒకటో, మూడో. ఒకటే అయితే దక్షిణానికి నాలుగున్నట్టు. అప్పుడు మీరు ఎన్నిసార్లు ఆగినా అతన్ని ఆపలేరు. కాబట్టి మూడనే అనుకుని ఆడాలి. అంటే దక్షిణానికి రెండు. ఇప్పుడు డమ్మీలోంచి డైమన్ రాణి వస్తోంది. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. ముక్క డమ్మీ నుంచి వస్తోంది కాబట్టి పడమర రెండో డైమన్ చూడకముందే మీ వంతు వస్తుంది. మీకున్న సాక్ష్యం ఆ ఒక్క 2. అందుకే మొదటి ముక్క దగ్గరే పార్ట్‌నర్ నిజం చెప్పాలి, చూసేవాడు శ్రద్ధగా చూడాలి. మీరు ఆసు తీయండి.

తర్వాత ఇస్పేటు జాకీ ఆడండి. డిక్లేరర్ చేతిలో ఉన్నవి ఇప్పుడు చూపిస్తాను. ఇస్పేటు ఆసు, 7, 4. ఆఠీన్ ఆసు, రాజు, రాణి, 9, 4. డైమన్ 8, 4. కళావరు రాణి, జాకీ, 6. మొత్తం 16 పాయింట్లు. పడమరకు ఇస్పేటు రాజు, 10, 8, 6, 3, ఆఠీన్ 6, 2, డైమన్ 7, 3, 2, కళావరు ఆసు, 9, 4. పదకొండు సూత్రం చెప్పినట్టే ఆరు కంటే పెద్ద ఇస్పేట్లు డిక్లేరర్‌కు రెండే, ఆసూ ఏడూ. మీ జాకీ మీద అతను ఆసు వేశాడు. ఆఠీన్‌లో అయిదు ట్రిక్కులూ తీసుకున్నాడు. వాటితో కలిపి అతనివి ఎనిమిది. ఇస్పేటు రాణి, ఆసు, ఒకే ఒక్క డైమన్, అయిదు ఆఠీన్లు. తొమ్మిదోదానికి దారి లేదు. కళావరు కదిపితే పడమర ఆసుతో గెలిచి రాజు, పది, ఎనిమిది ఇస్పేట్లు వరసగా దించుతాడు. మీ డైమన్ ఆసుతో కలిపి మీ జట్టుకు అయిదు. కాంట్రాక్టు ఒక ట్రిక్కు తక్కువతో ఓడింది. జాకీ మీద అతను ఆసు వేయకుండా ఆగినా, మీరు ఇస్పేటు 2 ఆడితే లెక్క ఇంతే.

ఇదే పంపకంలో మీరు మొదటి డైమన్‌నే ఆసుతో కొట్టి ఉంటే అతని దగ్గర ఇంకో డైమన్ మిగిలి ఉండేది. దానితో డమ్మీలోకి వెళ్లి నాలుగు డైమన్లు తీసుకుని 11 ట్రిక్కులు చేసుకునేవాడు. జాగ్రత్త కోసమని రెండుసార్లు ఆగి మూడో డైమన్ మీద తీసి ఉంటే అతనికి ఇంకో డైమన్ దక్కి సరిగ్గా 9 అయ్యేవి. రెండో రౌండు ఒక్కటే సరైన చోటు, అది చెప్పింది పడమర 2.

సంకేతం ప్రతిసారీ ఇంత తేటగా రాదు. పడమర మొదటి డైమన్ మీద 4 వేశాడనుకోండి. అది 8, 7, 4లో చిన్నదా, 4, 3లో పెద్దదా? ఆ ముక్క ఒక్కటే చూస్తే తేలదు. అంతకంటే చిన్నవి ఏవి కనబడలేదో వెతకాలి, డిక్లేరర్ ఏం వేశాడో చూడాలి. డిక్లేరర్ కూడా ఇవన్నీ చూస్తున్నాడని మరిచిపోకూడదు. తన చిన్న ముక్క దాచి కావాలని కాస్త పెద్దది వేస్తే మీ పార్ట్‌నర్ వేసిన మధ్యముక్క చిన్నదో పెద్దదో మీకు అంతుపట్టదు. మంచి డిక్లేరర్లు చేసే పని అదే. అందుకే పార్ట్‌నర్‌కు అవసరమైనప్పుడే సంకేతం ఇవ్వాలి. డిక్లేరర్‌కు మాత్రమే పనికొచ్చే కౌంట్ ఊరికే చెబుతూ పోతే అతనికి మీ చేతులు తెరిచి చూపించినట్టే.

సంకేతం ముక్కలోనే ఉండాలి. వేసే వేగంలో, ముఖంలో, వేళ్లలో ఉండకూడదు. మీ జట్టు ఏ ముక్కకు ఏ అర్థం పెట్టుకుందో ఎదుటివాళ్లు అడిగితే చెప్పాల్సిందే. 1965లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన బెర్ముడా బౌల్‌లో ఆఠీన్లు ఎన్ని ఉన్నాయో వేళ్లతో చెప్పుకుంటున్నారని టెరెన్స్ రీస్, బోరిస్ షపీరో మీద ఆరోపణ వచ్చింది. ప్రపంచ సమాఖ్య వాళ్లను దోషులని తేల్చింది, తర్వాత లండన్‌లో జరిగిన విచారణ ఆరోపణ రుజువు కాలేదంది. 1975 బెర్ముడా బౌల్‌లో పార్ట్‌నర్లు ఒకరికొకరు కనిపించకుండా బల్లకు అడ్డంగా తెరలు కట్టారు.

ఇక పంపకానికే వద్దాం, ఒకే ఒక్క మార్పుతో. పడమర డైమన్ 2ను దక్షిణానికి ఇచ్చి, దక్షిణం ఆఠీన్ 4ను పడమరకు ఇవ్వండి. మీ ముక్కల్లో ఏ తేడా లేదు, డమ్మీలో ఏ తేడా లేదు. మొదటి ట్రిక్కు కూడా అలాగే జరుగుతుంది. డైమన్ రాజు మీద ఈసారి పడమర 7 వేస్తాడు. మీకు కనిపించని డైమన్లలో ఏడు కంటే పెద్దది 8 ఒక్కటే. కాబట్టి ఏడు మూడు ముక్కల్లో చిన్నది కాలేదు, అది సరిసంఖ్యకు గుర్తు. పడమరకు రెండు, దక్షిణానికి మూడు. ఇప్పుడు రెండో డైమన్ మీద కూడా మీరు ఆగాలి, మూడోదాని మీద తీయాలి. డిక్లేరర్‌కు రెండు డైమన్లు, రెండు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు, మళ్లీ ఎనిమిదే. ఇందాక సరైనదైన రెండో రౌండులోనే ఈసారి ఆసు తీశారా, అతని మూడో డైమన్ డమ్మీకి దారి తెరుస్తుంది, 10 ట్రిక్కులు పోతాయి.